కొట్టు మూసిన నెల

"మా నాన్న పోయాకే అమ్మ ఇలా అయిపోయింది" అన్నాడు కొడుకు. కోడలు అవునన్నట్టు తలూపింది. సరస్వతమ్మ మాత్రం ఏమీ అనలేదు. కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. వయసు 58. తెనాలి దగ్గర ఒక పల్లెలో ముప్పై ఏళ్ళు భర్తతో కలిసి కిరాణా కొట్టు నడిపిన మనిషి. ఇప్పుడు హైదరాబాద్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉంటోంది. నాలుగు నెలలుగా రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఆరు కిలోలు తగ్గింది. గుండె దడగా ఉందంటే మొదట ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసీజీ, థైరాయిడ్, షుగర్, రక్తం అన్నీ చూసి, ఇది మనసుకు సంబంధించిందని ఆయన మా దగ్గరికి పంపారు.

నా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి మొదటి రోజు నోట్స్‌లో "సమస్య: భర్త మరణం" అని రాసి కింద గీత గీసింది. ఆ ముగ్గురినీ చూసినవాళ్ళు ఎవరైనా అలాగే రాస్తారు. కానీ ఆ గీత గీయడానికి ఇంకో రెండు వారాలు ఆగి ఉండాల్సింది. ఈ వైద్యంలో కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే, నేనూ నా మొదటి రోజుల్లో తడబడింది అక్కడే.

సరస్వతమ్మ ఒక్క మనిషి కాదని ముందే చెప్పాలి. నలుగురైదుగురి అనుభవాలను కలిపి, ఊరూ పేరూ మార్చి, పాఠం చెప్పడానికి కూర్చుకున్న కేసు ఇది. ఇందులో జరిగినవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో జరిగినవే.

ఆమెకు మేం చేసిన వైద్యం పేరు ఇంటర్‌పర్సనల్ థెరపీ. అందరూ ఐపీటీ అంటారు. ఇది మాటల ద్వారా చేసే వైద్యం. డిప్రెషన్‌కు మెదడులో, వంశంలో, ఒంట్లో ఎన్ని కారణాలున్నా, అది వచ్చే వేళకు మనిషి చుట్టూ ఉన్న సంబంధాల్లో ఏదో ఒకటి కదిలి ఉంటుంది. ఆ కదిలినదాన్ని పట్టుకుని సరిచేస్తే డిప్రెషన్ కూడా తగ్గుతుందన్నది దీని ఆధారం. చిన్ననాటి నుంచి మనసును తవ్వుకుంటూ పోదు. ఆలోచనల్లో తప్పులు వెతికి హోంవర్క్ ఇవ్వదు. వారానికొకసారి, 12 నుంచి 16 వారాలు, ఇప్పటి మనుషులు, ఇప్పటి సంగతులు మాత్రమే.

పుట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. 1969లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్, వాళ్ళ సహచరులు డిప్రెషన్ మళ్ళీ రాకుండా మందు ఎంతవరకు ఆపుతుందో చూసే అధ్యయనం మొదలుపెట్టారు. మామూలు వైద్యంలో మందుతో పాటు మాటలూ ఉంటాయి కాబట్టి, ఆ మాటలను కూడా ఒక పద్ధతిలో పెట్టి పరీక్షించాలనుకున్నారు. అలా రాసుకున్న పద్ధతే తర్వాత సొంతంగా ఒక వైద్యంగా నిలబడింది. 1984లో పుస్తకంగా వచ్చింది. డిప్రెషన్‌కు దారి తీసే సంగతులను వాళ్ళు నాలుగు రకాలుగా విడదీశారు. దగ్గరివాళ్ళు చనిపోవడం, జీవితంలో స్థానం మారిపోవడం, దగ్గరివాళ్ళతో తగువు, అసలు మనుషులతో సంబంధాలే పలచగా ఉండడం. ఇక్కడ మనకు కావలసినవి మొదటి రెండు. స్థానం మారడమంటే రిటైర్మెంట్, పెళ్ళి, బిడ్డ పుట్టడం, ఉద్యోగం పోవడం, ఊరు మారడం, పెద్ద జబ్బు బయటపడడం వంటివి. మంచి మార్పు కూడా మనిషిని కూలదోయగలదు. ప్రమోషన్ వచ్చాక డిప్రెషన్‌లోకి జారినవాళ్ళను నేను చూశాను.

మొదటి మూడు సెషన్లలో వైద్యం ఇంకా మొదలైనట్టు పైకి కనిపించదు. కానీ సగం పని అక్కడే జరుగుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది ఇది దుఃఖమా, డిప్రెషనా అని. పోయినవాళ్ళ కోసం ఏడవడం జబ్బు కాదు. దుఃఖం అలలా వస్తుంది. ఒక పాట విన్నప్పుడు, ఒక చొక్కా కనబడ్డప్పుడు ముంచెత్తి వెళ్ళిపోతుంది. మధ్యలో మనవడు ఏదో అంటే నవ్వు కూడా వస్తుంది. తన మీద తనకు విలువ పోదు. డిప్రెషన్ అలా వచ్చిపోయేది కాదు. కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజంతా పట్టి ఉంటుంది. దేని మీదా మనసు పోదు. నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత తప్పుతాయి. "నేను దండగ మనిషిని" అన్న మాట మొదలవుతుంది. దీన్ని కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతాం. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది వచ్చినా, అంతకు మించినా లోతుగా చూడాలి. సరస్వతమ్మకు 17 వచ్చింది.

ఆ పట్టికలో తొమ్మిదో ప్రశ్న చావు గురించి, తనను తాను గాయపరచుకోవడం గురించి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర గొంతు తగ్గిస్తారు. తగ్గించకూడదు. "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అమ్మా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" అని తిన్నగా అడగాలి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన రాదు. సరస్వతమ్మ "దేవుడు తీసుకుపోతే బాగుండనిపిస్తది, నా అంతట నేను ఏం చేసుకోను" అంది. ఉపాయం ఆలోచించుకున్న మనిషి అయితే ఐపీటీ పక్కన పెట్టి అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాలి. ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, ఒంటరిగా వదలకూడదు.

తర్వాత జబ్బుకు పేరు పెట్టడం. మా అమ్మాయి ఆమెతో ఇలా చెప్పింది. "అమ్మా, మీకు డిప్రెషన్ అనే జబ్బు వచ్చింది. షుగర్ లాగే ఇదీ జబ్బే. మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల వచ్చింది కాదు. దీనికి వైద్యం ఉంది. తగ్గేదాకా కొన్ని పనులు చేయలేకపోతే తప్పు పట్టుకోకండి. కానీ తగ్గడానికి వారం వారం మీరూ నేనూ కలిసి పని చేయాలి." మాటలు కొన్నే, కానీ ఐపీటీలో వీటికి ప్రత్యేక స్థానం ఉంది. రోగికి రోగి స్థానాన్ని ఇవ్వడం అంటారు దీన్ని. జ్వరం వచ్చినవాడిని ఎవరూ సోమరి అనరు, వాడూ మందు వేసుకోవాల్సిందే. ఈ రెండూ డిప్రెషన్‌కు కూడా వర్తిస్తాయని రోగికీ, ఇంట్లోవాళ్ళకూ తెలియాలి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఏడాదిన్నరగా వినబడిన మాట "మనసు దిటవు చేసుకో." దిటవు చేసుకోలేకపోవడం తన తప్పని ఆమె నమ్మింది.

రెండో సెషన్‌లో మనుషుల లెక్క తీయాలి. ఒక కాగితం మీద మధ్యలో రోగి పేరు రాసి, చుట్టూ మూడు వలయాలు గీస్తాం. బాగా దగ్గరివాళ్ళు లోపలి వలయంలో, తర్వాతివాళ్ళు తర్వాతి వలయాల్లో. ఒక్కొక్కరి గురించీ అడుగుతాం. ఎంత తరచుగా కలుస్తారు, వాళ్ళలో మీకు నచ్చేదేమిటి, నచ్చనిదేమిటి, ఈమధ్య ఏమన్నా మారిందా, మీకు కష్టం వస్తే వాళ్ళకు చెప్పగలరా. చనిపోయినవాళ్ళను కూడా ఆ వలయాల్లో పెట్టనివ్వాలి.

సరస్వతమ్మ కాగితం దాదాపు ఖాళీగా ఉంది. భర్త, కొడుకు, కోడలు, మనవడు. "ఇంకెవరమ్మా?" అంటే "ఇంకెవరుంటారు" అంది. ఆమె కొట్టు నడిపిన సంగతి గుర్తొచ్చి మా అమ్మాయి, కొట్టుకి రోజూ వచ్చేవాళ్ళెవరని అడిగింది. అప్పుడు సరస్వతమ్మ చేతిసంచీలోంచి ఒక పొడుగాటి పుస్తకం తీసింది. ఎర్ర అట్ట, అంచులు నలిగిపోయాయి. అరువు పద్దుల పుస్తకం. కొట్టు ఖాళీ చేసినప్పుడు త్రాసూ తూకపు రాళ్ళూ అమ్మేశారు, ఇది మాత్రం చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చుకుంది. పేజీకొక ఇల్లు. ఎవరి పిల్లకు ఎప్పుడు నీళ్ళాడింది, ఎవరికి ఏ నూనె పడదు, ఎవరు పంట అమ్మాక కడతారు, అన్నీ నోటికి వచ్చు. ఆ గంటలో ఆమె వలయాల్లోకి పద్నాలుగు మంది వచ్చారు. అందులో పదముగ్గురితో ఆమె మాట్లాడి నాలుగైదు నెలలైంది.

మూడో పని కాలరేఖ. కాగితం మీద అడ్డంగా ఒక గీత. గీత పైన జీవితంలో జరిగినవి, గీత కింద ఒంట్లో మనసులో జరిగినవి, నెలల వారీగా. భర్త పోయింది ఏడాదిన్నర కిందట, సంక్రాంతి వారంలో. గీత కింద చూస్తే ఆ నెల ఏడుపు, నిద్ర లేకపోవడం. మార్చికల్లా నిద్ర పట్టింది. వేసవిలో ఒంటరిగానే సరుకు తెప్పించింది. దసరాకు కొట్టుకు సున్నం వేయించింది. ఆయన గుర్తొస్తే ఏడ్చేది, ఏడ్చి లేచి షట్టర్ ఎత్తేది. సంవత్సరీకం అయ్యాక ఫిబ్రవరిలో కొడుకు వచ్చి, "ఇంక చాలమ్మా, వచ్చెయ్" అన్నాడు. శివరాత్రి తర్వాత కొట్టు ఖాళీ చేశారు. మార్చి రెండో వారంలో మూడింటికి మెలకువ రావడం మొదలైంది.

అమ్మాయి ఆ గీతను చాలాసేపు చూసి నా దగ్గరికి తెచ్చింది. "మేడమ్, చనిపోయాక పదమూడు నెలలు ఈవిడ బాగానే ఉంది" అంది. ఆమె జబ్బు భర్త పోయిన నెలలో రాలేదు, కొట్టు మూసిన నెలలో వచ్చింది. మొదటి రోజు గీసిన గీతను తానే కొట్టేసి, "స్థానం మారడం" అని రాసుకుంది.

దీనివల్ల తేడా ఏముంటుందని అడగవచ్చు. చాలా ఉంటుంది. వైద్యుడు దుఃఖాన్ని పట్టుకుంటే పన్నెండు వారాలూ భర్త గురించే మాట్లాడిస్తాడు. ఆమె వచ్చి ఏడుస్తుంది, కాస్త తేలికపడి వెళ్తుంది, ఇంటికెళ్ళి మళ్ళీ పని లేని గదిలో కూర్చుంటుంది. పట్టిక మీద మార్కు కదలదు. అప్పుడు "ఈవిడ సహకరించడం లేదు" అని కూడా రాస్తారు. సగం సెషన్లు అయ్యేసరికి మార్కు తగ్గడం లేదంటే తప్పు రోగిలో వెతకకూడదు. ముందు కాలరేఖ మళ్ళీ తీసి చూడాలి, మందు అవసరమేమో అడగాలి.

అయితే దుఃఖం పూర్తిగా పక్కకు పోలేదు. కాలరేఖ మీద భర్త పోయిన రాత్రి దగ్గరికి వచ్చినప్పుడు సరస్వతమ్మ పెన్ను పక్కన పెట్టేసి "అది రాయొద్దులే" అంది. ఐపీటీలో ఒక ముఖ్యమైన సమస్యను, మరీ అవసరమైతే రెంటిని తీసుకుంటాం. అంతకు మించితే ఉన్న వారాలు చాలవు. అందుకని మూడో సెషన్ చివర అమ్మాయి ఆమెకు ఇలా చెప్పింది. "అమ్మా, నాకు అర్థమైంది చెబుతాను, తప్పయితే చెప్పండి. కొట్టు పోయాక మీకు చేసే పని, మాట్లాడే మనుషులు, చేతిలో డబ్బు, పేరు, అన్నీ ఒకేసారి పోయాయి. ఆ తర్వాతే ఈ జబ్బు వచ్చింది. దాంతో పాటు ఆ రాత్రి గురించి మీ లోపల ఏదో ఉండిపోయింది. మనకున్న వారాల్లో ఈ రెండూ చూద్దామా?" సరస్వతమ్మ "కొట్టు సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా" అంది. సమస్యను సరిగ్గా పట్టుకున్నామని తెలిసేది ఇలాగే, రోగి నోటినుంచి. ఆమె ఒప్పుకోకుండా ముందుకు పోకూడదు.

నాలుగో వారం నుంచి ప్రతి సెషన్ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. "పోయిన వారం మనం కలిశాక ఎలా ఉన్నారమ్మా?" రోగి మనసు గురించి చెబితే ఆ రోజు ఏం జరిగిందో అడుగుతాం. ఏం జరిగిందో చెబితే అప్పుడు మనసు ఎలా ఉందో అడుగుతాం. ఈ రెంటినీ ముడివేయడమే మధ్య సెషన్ల పని అంతా.

ఐదో వారంలో ఆమె ఆ రాత్రి గురించి చెప్పింది. ఇలాంటి చోట పద్ధతి ఏమిటంటే, చావుకు ముందు, చావు వేళ, ఆ తర్వాత జరిగినదంతా వరసగా చెప్పించాలి. రాత్రి రెండింటికి ఆయన గుండెల్లో పట్టేసినట్టుందని లేచాడు. గ్యాస్ నొప్పి అనుకుని ఆమె సోడా కొట్టి ఇచ్చింది. కాసేపు వీపు రాసింది. గంటన్నర తర్వాత చెమటలు పట్టేసరికి పక్కింటి అబ్బాయిని లేపింది. ఆటోలో తెనాలి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. "ఆ సోడా ఇవ్వకుండా అప్పుడే ఆటో పిలిచుంటే" అని ఆగిపోయింది.

ఇక్కడ మా అమ్మాయి పొరపాటు చేసింది. "మీ తప్పేం లేదమ్మా, మీకేం తెలుసు" అంది వెంటనే. జాలితో అన్నదే. కానీ సరస్వతమ్మ "అంతేలే" అని నోరు మూసుకుంది. ఆ మాట ఆమెతో ఇప్పటికి అందరూ అన్నారు. మరొకరు అన్నందువల్ల ఒరిగేదేమీ లేదు. ఓదార్పు తొందరగా ఇస్తే తలుపు మూసేసినట్టే అవుతుంది. ఆ మరుసటి వారం అమ్మాయి ఓదార్చకుండా "తర్వాత?" అని మాత్రమే అడుగుతూ వచ్చింది. అప్పుడు అసలు సంగతి వచ్చింది. ఆయనకు బీపీ ఉంది. మాత్రలు వేసుకోమంటే వేసుకునేవాడు కాదు. సిగరెట్లు కొట్టులోనే పప్పు డబ్బాల వెనక దాచుకునేవాడు. "ఎన్నిసార్లు చెప్పాను! చెబితే విన్నాడా? నన్నిలా వదిలేసి పోయాడు" అని ఆమె గొంతు పెంచి ఏడ్చింది. పెద్దకర్మ నాడు కూడా ఆమె అలా ఏడవలేదట. ఆ రోజు భోజనాలకు ఎన్ని విస్తళ్ళు పడతాయో లెక్క చూసింది తనే.

పోయినవాళ్ళ మీద కోపం ఉందని ఒప్పుకోవడం మన ఇళ్ళలో చాలా కష్టం. పోయినవాళ్ళను దేవుళ్ళను చేస్తాం. ఆ కోపానికి చోటు లేక అది తన మీదకే తిరుగుతుంది. అందుకే ఈ వైద్యంలో ఆయన మంచీ చెడూ రెండూ అడుగుతాం, ఫొటో తెమ్మంటాం, ఆయన వాడిన వస్తువు తెమ్మంటాం. ఆ తర్వాతి వారం సరస్వతమ్మ ఆయన చేతిగడియారం తెచ్చింది. ఆయన ముక్కోపి అని చెప్పింది. కొట్టు మొదలుపెట్టినప్పుడు, తనకు లెక్కలు బాగా వచ్చని గల్లాపెట్టె తన చేతికే ఇచ్చాడనీ చెప్పింది. మనిషి నిండుగా, ఉన్నవాడు ఉన్నట్టుగా కనిపించడం మొదలైతే దుఃఖం దాని దారిన అది కదులుతుంది. సోడా మాట తర్వాత ఇంకొక్కసారే వచ్చింది.

మిగతా వారాలన్నీ కొట్టు గురించే. స్థానం మారినప్పుడు చేయవలసినవి మూడు. పాతదానికి వీడ్కోలు చెప్పడం, కొత్తదాన్ని కళ్ళు తెరిచి చూడడం, కొత్తదానిలో బతకడానికి కావలసిన నేర్పూ మనుషులనూ సంపాదించుకోవడం. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకు పాత జీవితమంతా బంగారంలా, కొత్తదంతా బూడిదలా కనిపిస్తుంది. అందుకని రెంటిలోనూ మంచినీ చెడునూ అడుగుతాం. కొట్టులో బాగున్నది చెప్పమంటే ఆమెకు అరగంట పట్టింది. బాగాలేనిది అడిగితే మొదట ఏమీ లేదంది. కాసేపటికి, నాలుగున్నరకు పాల ప్యాకెట్ల కోసం లేవడం, మోకాళ్ళ నొప్పులు, ముప్పై ఏళ్ళలో చెల్లెలి ఇంట్లో ఒక్క రాత్రి నిద్ర చేయలేకపోవడం బయటికొచ్చాయి. ఫ్లాట్‌లో చెడ్డది ఏమిటంటే, "నన్ను కొట్టు సరస్వతమ్మ అని పిలిచేవాళ్ళు లేరు" అంది. మంచిది మనవడు, మోకాళ్ళకు దొరికిన వైద్యం.

కొత్త జీవితంలో ఎక్కడ గుచ్చుకుంటోందో తెలియాలంటే ఒక్క సంఘటనను తీసుకుని మాట మాటా తిరిగి చెప్పించాలి. ఒకరోజు ఆమె పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి ఉప్మాకు ఉల్లిపాయలు తరగబోయింది. కోడలు "అత్తయ్యా, మీరు కూర్చోండి, నేను చేసుకుంటాను" అంది. సరస్వతమ్మ గదిలోకి వెళ్ళి ఆ పూట తినలేదు. అమ్మాయి అడిగింది, "ఆ మాట విన్నప్పుడు మీకు ఏమనిపించింది?"

"నీ అవసరం లేదు అన్నట్టనిపించింది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. సరేనన్నాను."

"ఆమె ఏం చేస్తే బాగుండనిపించింది?"

సరస్వతమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఏదన్నా ఒక పని నాకు అప్పజెబితే బాగుండు."

"అది ఆమెకు తెలుసా?"

తెలియదు. సరస్వతమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు అమ్మాయి కోడలి పాత్ర వేసింది. సరస్వతమ్మ ఆ మాట అడగడం ప్రాక్టీస్ చేసింది. మొదటిసారి అడిగినప్పుడు అది దెప్పిపొడుపులా వచ్చింది, "నాకు పనులెందుకు చెబుతారులే" అని. నాలుగోసారికి "అమ్మాయ్, కూరగాయలూ సరుకులూ తెచ్చే పని నాకు ఇవ్వు. నాకు అది చేతనవును" అని కుదిరింది. ఇంటికెళ్ళి నిజంగా అడిగితే కోడలు చెప్పిన జవాబు ఏమిటంటే, "అమ్మ జీవితమంతా కష్టపడింది, ఏ పనీ చెప్పొద్దని మీ అబ్బాయి అన్నారత్తయ్యా." ప్రేమతో చేసిన పనే ఆమెను ఖాళీ చేసింది. ఇలాంటివి ఎవరి తప్పూ కాకుండానే జరుగుతాయి. అందుకే వైద్యుడు కోడలి మీద తీర్పు చెప్పకూడదు. రోగి చెప్పిన ఒక్క వైపు విని కోడలిని విలన్‌ను చేసిన శిక్షణార్థులను చూశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో సంధి కుదర్చడం ఎవరి వల్లా కాలేదు.

ఇంకొక ముడి మిగిలింది. కొట్టు సరుకు, సామాను అమ్మిన డబ్బు కొడుకు ఆమె పేరునే బ్యాంకులో వేశాడు. పాస్‌బుక్ మాత్రం అతని బీరువాలో ఉంది. ముప్పై ఏళ్ళు గల్లాపెట్టె చూసిన మనిషి ఇప్పుడు మనవడికి ఐస్‌క్రీమ్ కొనాలంటే కొడుకును అడగాలి. అడిగితే వాణ్ణి అనుమానించినట్టుంటుందని భయం. రెండు వారాలు దీని మీదే గడిచాయి. ఎప్పుడు అడగాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, అతను నొచ్చుకుంటే ఏమనాలి, అన్నీ ముందే అనుకున్నారు. చివరికి ఆదివారం టిఫిన్ అయ్యాక అడిగింది. కొడుకు నొచ్చుకోలేదు, ఆశ్చర్యపోయాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆ వారం పీహెచ్‌క్యూ మార్కు 14 నుంచి 9కి పడింది. మూడింటికి రావలసిన మెలకువ ఐదింటికి వచ్చింది.

పద్దుల పుస్తకం కూడా పనికొచ్చింది. ఊళ్ళోవాళ్ళకు ఫోన్ చేయమంటే "ఊరికే ఎందుకు చేయను" అన్న మనిషి, బాకీ అడగడానికని చేయసాగింది. బాకీలు ఎంత వసూలయ్యాయో నాకు తెలియదు కానీ, వలయాల కాగితం మీది పద్నాలుగు మందిలో ఆరుగురు వారం వారం మాట్లాడే మనుషులయ్యారు.

చివరి రెండు మూడు సెషన్లు ముగింపుకే కేటాయించాలి. వైద్యం అయిపోవడం కూడా ఒక ఎడబాటే. మనుషులను పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు ఇది ఇంకా నొప్పి. పన్నెండో వారంలో సరస్వతమ్మకు రెండు రోజులు మళ్ళీ నిద్ర పట్టలేదు. జబ్బు తిరగబెట్టిందని హడావిడి పడి సెషన్లు పొడిగించకుండా అమ్మాయి ఆ సంగతే ఎత్తింది. "ఇంకో రెండు వారాల్లో మనం కలవడం ఆగిపోతుంది కదా, దానివల్ల ఏమన్నా బెంగగా ఉందా?" ఉందని ఆమె చెప్పింది, ఆ వారం పడుకుంది. తర్వాత ఆమెచేతే ఒక చీటీ రాయించాం. మళ్ళీ డిప్రెషన్ వస్తోందని నాకు ఎలా తెలుస్తుంది? మూడింటికి మెలకువ, వరసగా నాలుగు రోజులు అన్నం సయించకపోవడం, ఫోన్ మోగినా ఎత్తబుద్ధి కాకపోవడం. అప్పుడు ఎవరికి చెప్పాలి? కోడలికి. కొడుకు పేరు రాస్తుందనుకున్నాను, కోడలి పేరు రాసింది.

ఈ వైద్యానికి హద్దులున్నాయి. డిప్రెషన్‌తో పాటు మధ్యలో విపరీతమైన హుషారు, నిద్ర లేకుండా తిరగడం, లేనిపోని ఖర్చులు ఉంటే అది బైపోలార్ కావచ్చు, దానికి మందులు లేకుండా మాటలతో మొదలుపెట్టకూడదు. చెవుల్లో గొంతులు వినబడుతున్నా అంతే. తీవ్రమైన డిప్రెషన్‌లో మందూ, ఐపీటీ రెండూ కలిపి వాడతారు. ఇంకొక హద్దు దుఃఖానికి సంబంధించిందే. కొందరిలో ఏడాది దాటినా పోయినవాళ్ళ కోసం తహతహ రోజూ అంతే తీవ్రంగా ఉంటుంది. వాళ్ళు లేరన్న సంగతి మనసు ఒప్పుకోదు, బతుకు అక్కడే ఆగిపోతుంది. దీన్ని ఇప్పుడు డిప్రెషన్ కాకుండా వేరే జబ్బుగా, దీర్ఘకాలిక దుఃఖంగా గుర్తిస్తున్నారు. అమెరికాలో కేథరిన్ షియర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి దుఃఖం కోసమే తయారుచేసిన వైద్యంతో 51 శాతం మంది కోలుకుంటే, ఐపీటీతో 28 శాతం మందే కోలుకున్నారు. సరస్వతమ్మ ఆ గుంపులోది కాదని కాలరేఖే చెప్పింది. అలాంటివాళ్ళు వస్తే వేరే చోటికి పంపడమే వాళ్ళకు చేసే మేలు.

దీన్ని చేయడానికి పెద్ద డిగ్రీలున్నవాళ్ళే కావాలా అని శిక్షణకు వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ఉగాండాలో రాకాయి, మసాకా జిల్లాల పల్లెల్లో 2002లో దీన్ని గుంపుల్లో చేసి చూశారు. ఎయిడ్స్ ఎందరినో తీసుకుపోయిన పల్లెలవి. అక్కడి భాష మాట్లాడే మామూలు మనుషులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. వాళ్ళు వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు గుంపులను నడిపారు. చివరికి ఈ వైద్యం అందిన వారిలో డిప్రెషన్ 86 శాతం నుంచి 6.5 శాతానికి పడిపోయింది. అందనివారిలో సగానికి పైగా అలాగే ఉండిపోయారు. ఆ అనుభవం తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది సెషన్ల గుంపు ఐపీటీకి మార్గదర్శి పుస్తకం విడుదల చేసింది. మన దగ్గర ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల్లో పనిచేసేవాళ్ళకు దీన్ని నేర్పవచ్చని నేను గట్టిగా నమ్ముతున్నాను. వెనక నుంచి చూసుకునే సూపర్‌వైజర్ ఉండడం మాత్రం తప్పనిసరి. సోడా సంగతి దగ్గర మా అమ్మాయి చేసిన పొరపాటు ఆమెకు తనంతట తెలియలేదు, నోట్స్ కలిసి చదివినప్పుడే తెలిసింది.

పద్నాలుగో సెషన్‌లో సరస్వతమ్మ మార్కు 6. అయిదు లోపు ఉంటే పూర్తిగా తగ్గిందంటాం, అక్కడికి ఇంకా చేరలేదు. నెలకోసారి రమ్మన్నాం, మరో మూడు నెలలు వచ్చింది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, కారణం మీకు ముందే తెలిసిపోయిందనుకోకండి. పక్కన కూర్చుని, నిద్ర ఏ నెల నుంచి పట్టడం లేదు, ఆ నెలలో ఏం జరిగింది అని అడగండి. చావు మాట ఎత్తితే ఆగకండి. టెలిమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.